ఆటోనగర్‌లో ఎవరూ తెలియదు, మొదటి క్లయింట్‌ని మెసేజ్‌తో పట్టుకోవడం ఎలా?

గాజువాక_లక్ష్మి
అందరికీ నమస్తే. ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర కొన్నేళ్లు పనిచేసి మానేశాను. ఇప్పుడు సొంతంగా ఒక్క పనే చేద్దామనుకుంటున్నాను. చిన్న ఫ్యాక్టరీల కొనుగోలు బిల్లులను ప్రతి నెలా జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే 2బితో, అంటే అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లుల జాబితాతో సరిచూసి, ఏ బిల్లు రాలేదో, ఏది తేడాగా వచ్చిందో జాబితా రాసి ఇస్తాను. రిటర్న్ మాత్రం నేను వేయను, అది వాళ్ల ఆడిటర్‌గారి పనే.

విశాఖ ఆటోనగర్ మా ఇంటికి దగ్గర. అయితే అక్కడ నాకు తెలిసినవాళ్లు లేరు. నెట్‌లో దొరికిన కొన్ని నంబర్లకు వాట్సాప్‌లో ఇది పంపాను:

"గౌరవనీయులైన సర్/మేడమ్, అకౌంటింగ్, జీఎస్టీ, టీడీఎస్, పీఎఫ్, ఈఎస్ఐ, పేరోల్ తదితర అన్ని సేవలూ అత్యుత్తమ నాణ్యతతో, సరసమైన ధరలకు అందిస్తాము. మీ సంస్థ అభివృద్ధిలో భాగస్వాములం కావాలని కోరుకుంటూ, ఒక్కసారి అవకాశం ఇవ్వగలరని మనవి."

బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబులు లేవు. ఎవరికి పంపాలి, ఏం రాయాలి, మళ్లీ అడిగితే విసుక్కుంటారా? చేసినవాళ్లు చెప్పండి.

భీమిలి_బాబాయ్
అమ్మా, మా బావమరిది వాళ్ల ఆఫీసు డాబాగార్డెన్స్‌లో ఉంది. అకౌంటెంట్ పోస్టు ఖాళీగా ఉందన్నాడు. టాలీ వస్తే చాలు. బయోడేటా పంపు, మాట్లాడతాను.

గాజువాక_లక్ష్మి
థాంక్స్ బాబాయ్‌గారూ. ఉద్యోగం కోసం కాదండీ, సొంత పనికి క్లయింట్లు కావాలి.

డిజిటల్_కిరణ్
మేడం, ఇదంతా నంబర్ గేమ్. పదిమందికి పంపి కూర్చుంటే ఏమొస్తుంది? వైజాగ్ మొత్తం ఇండస్ట్రీల డేటాబేస్ దొరుకుతుంది, పరవాడ, అచ్యుతాపురం, దువ్వాడ అన్నీ ఉంటాయి. బల్క్ సాఫ్ట్‌వేర్‌తో ఒకేసారి రెండు వేల మందికి కొట్టండి. వందలో ఒకడు పలికినా ఇరవై మంది. ఎవరికి పంపాం, ఎవరు చూశారు అని షీట్‌లో రాసుకోవడం మాత్రం మర్చిపోకండి, అసలు సంగతి అక్కడే ఉంది.

ఎంవీపీ_ఫొటోలు
షీట్ మాట కరెక్ట్. మిగతాది వద్దండీ. నేను పెళ్లి ఫొటోలు తీస్తాను. సీజన్ ముందు కల్యాణమండపాల వాళ్లకి, ఈవెంట్ వాళ్లకి ఇలాగే బల్క్ కొట్టాను. కొందరు రిపోర్ట్ చేసినట్టున్నారు, వాట్సాప్ నంబర్ బ్లాక్ అయింది. పాత కస్టమర్లందరూ ఆ నంబర్‌లోనే ఉన్నారు. సరిగ్గా ముహూర్తాలప్పుడు పోయింది! ఫోన్లు చేద్దామన్నా, డీఎన్‌డీ పెట్టుకున్నవాళ్లు 1909కి ఫిర్యాదు చేయొచ్చు. మీ సొంత నంబర్‌తో ఆ పని చేయకండి.

వెల్డింగ్‌రాడ్_మూర్తి
లక్ష్మిగారూ, నేను చాలా ఏళ్లు ఆ ఆటోనగర్‌లోనే వెల్డింగ్ రాడ్లు, గ్రైండింగ్ వీల్స్ అమ్మాను. పరిచయం లేని గుమ్మం ఎక్కడమే నా ఉద్యోగం.

మీ మెసేజ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ జాబితాయే లేదు. నెట్‌లో దొరికిన నంబర్లంటే అందులో టీ కొట్టు ఉంటుంది, కంపెనీ ఉంటుంది. మీరు చెప్పిన పని ఎవరికి నొప్పిగా ఉంటుందో ఆలోచించండి. ప్లేట్లు, యాంగిళ్లు, గ్యాస్, బోల్టులు, పెయింట్ ఇలా పదిహేను ఇరవై మంది దగ్గర కొని, తయారుచేసి పెద్ద కంపెనీకి సరఫరా చేసే ఫాబ్రికేషన్ యూనిట్ ఉంటుంది చూడండి, అక్కడ ఉంటుంది. లక్ష రూపాయల ఇనుము కొంటే పద్దెనిమిది వేలు జీఎస్టీ. అమ్మినవాడు ఆ బిల్లు పోర్టల్‌లో ఎక్కించకపోతే ఆ పద్దెనిమిది వేలు ఇతను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేడు, ఆ నెలకి జేబులోంచి పోతాయి. కేవలం జాబ్ వర్క్ చేసే లేత్ షాపుకి కొనుగోళ్లు పెద్దగా ఉండవు, అతనికి మీ పని అక్కర్లేదు. మరీ పెద్ద యూనిట్‌లో సొంత అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ ఉంటుంది, అక్కడా అక్కర్లేదు. మధ్యవాళ్లే మీవాళ్లు.

వాళ్లని ఎలా గుర్తుపట్టాలంటే, ఒక పూట ఆటోనగర్ అంతా నడవండి. రిజిస్టర్ అయిన ప్రతి వ్యాపారమూ గేటు దగ్గర బోర్డు మీద జీఎస్టీ నంబర్ రాయాలని రూలు ఉంది. మన రాష్ట్రానిది 37తో మొదలవుతుంది. అది రాసుకోండి, గేటులోంచి ఏం తయారవుతోందో చూడండి, బోర్డు మీదున్న ఫోన్ నంబర్ రాసుకోండి. యాభై బోర్డులు రాసుకుంటే అందులో ముప్పై మిగిలితే చాలు. ఇంటికొచ్చి జీఎస్టీ సైట్‌లో Search Taxpayer దగ్గర ఆ నంబర్ కొట్టండి, లాగిన్ కూడా అక్కర్లేదు. Show Filing Table నొక్కితే ఏ రిటర్న్ ఏ తేదీన వేశారో కనిపిస్తుంది.

సీఏఇంటర్_హారిక
మూర్తిగారు చెప్పిన టేబుల్‌లో ఇంకొకటి చూడొచ్చు. పన్ను కట్టే 3బి రిటర్న్ నెలనెలా కనిపిస్తోందా, మూడు నెలలకొకటి కనిపిస్తోందా అని. మూడు నెలలకొకటైతే క్వార్టర్లీ స్కీములో ఉన్నారు, అంటే టర్నోవర్ ఐదు కోట్ల లోపే. వాళ్లకి ఈ పని నెలనెలా అంత అవసరం అనిపించదు. నెలనెలా వేస్తూ, 20వ తేదీ దాటి వేసిన నెలలు ఎక్కువ ఉన్నవాళ్లు అంటే చివరి నిమిషంలో బిల్లుల కోసం వెతుక్కుంటున్నారని అనుకోవచ్చు. వాళ్లని జాబితాలో పైన పెట్టండి.

ఇంకో మాట. చార్టర్డ్ అకౌంటెంట్లు ఇలా క్లయింట్లని అడగకూడదు, 1949 నాటి సీఏ చట్టంలోనే ఉంది. లక్ష్మిగారు సీఏ కాదు కాబట్టి ఇబ్బంది లేదు. మెసేజ్‌లో మాత్రం "ఆడిటర్" అన్న మాట మీకు మీరు వాడుకోకండి.

డిజిటల్_కిరణ్
సూపర్ పాయింట్. అయితే మెసేజ్ రెడీ: "సర్, మీరు జూన్, జూలై రిటర్నులు లేటుగా వేశారు. పెనాల్టీ నుంచి కాపాడతాను." భయపెడితేనే పలుకుతారు.

ఫాబ్రికేషన్_రావు
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. మాది ఆటోనగర్‌లోనే యూనిట్. ట్యాంకులు, స్ట్రక్చరల్స్ చేస్తాం.

కిరణ్ తమ్ముడూ, తెలియని నంబర్ నుంచి "మీరు రిటర్న్ లేటుగా వేశారు" అని వస్తే నాకు మొదట తట్టేది మోసగాడని. రెండోది డిపార్ట్‌మెంట్ వాడని. ఇద్దరికీ జవాబు ఇవ్వను. అది అందరికీ కనిపించే సమాచారమే కావచ్చు, కానీ ఎవరో నా పుస్తకం తెరిచి చూసినట్టు ఉంటుంది. దాన్ని మీ జాబితా వడకట్టుకోవడానికి వాడుకోండి, మా మొహం మీద చదవకండి.

అమ్మా లక్ష్మీ, నీ మెసేజ్ లాంటివి నాకు రోజూ వస్తాయి. అన్నీ చేస్తామనేవాడు ఏది బాగా చేస్తాడో తెలియదు. పైగా మాకందరికీ ఎప్పట్నుంచో ఒక ఆడిటర్ ఉంటాడు. పిల్లల పెళ్లిళ్లకి వచ్చిన మనిషి. నీ మెసేజ్ చదివితే ఆయన్ని మార్చమంటున్నట్టుంది. ఆయన్ని మార్చం. ఇక్కడ రాసిన "రిటర్న్ నేను వేయను" అన్న ముక్క మెసేజ్‌లో ఏది? అది ఉంటే నేను రెండో లైను చదివేవాడిని.

వెల్డింగ్‌రాడ్_మూర్తి
రావుగారు చెప్పాక ఇక నేను చెప్పేది తక్కువ. మెసేజ్‌లో నాలుగు విషయాలు ఉండాలి: ఎవరు, ఎక్కడి మనిషి, ఏ ఒక్క పని, ఇప్పుడు అతను ఏం చేయాలి. ఫోన్ స్క్రీన్ మీద వేలు పెట్టి జరపకుండా అయిపోవాలి. నేనైతే ఇలా రాస్తాను:

"నమస్తే రావుగారూ. నా పేరు లక్ష్మి, గాజువాకలో ఉంటాను. మీ ట్యాంకుల యూనిట్ బోర్డు మీద నంబర్ చూసి రాస్తున్నాను. ఇనుము, గ్యాస్ బిల్లుల్లో 2బిలోకి రానివి ఏవో చూసి, ప్రతి నెలా 16వ తేదీకల్లా జాబితా ఇస్తాను. రిటర్న్ మీ ఆడిటర్‌గారే వేస్తారు. ఒక నెల ఉచితంగా చూసి పెడతాను. బిల్లులు పంపమంటారా?"

నంబర్ ఎక్కడ దొరికిందో చెప్పేశాం కాబట్టి ఆ అనుమానం పోతుంది. పేరు పెట్టి పిలవాలి, "సర్/మేడమ్" అన్నామంటే ఊరందరికీ పంపినట్టే. 16 ఎందుకంటే 2బి 14న వస్తుంది, 3బికి గడువు 20. మధ్యలో నాలుగు రోజులుంటే అమ్మినవాడికి ఫోన్ చేసి ఎందుకు ఎక్కించలేదని అడగొచ్చు, ఆడిటర్‌కీ ముందే చెప్పొచ్చు.

ఫాబ్రికేషన్_రావు
మూర్తిగారూ, అంతా బాగుంది, చివరి రెండు వాక్యాలు తప్ప. కొనుగోలు బిల్లులు పంపమంటే ఏ యూనిట్ వాడూ పంపడు. ఆ బిల్లులో నేను ఎవరి దగ్గర, ఏ రేటుకి కొంటున్నానో ఉంటుంది. పక్క షెడ్డు వాడూ నేనూ ఒకే టెండర్‌కి కొటేషన్ వేస్తాం. తెలియని అమ్మాయికి ఉచితంగా నా కొనుగోలు రేట్లు ఇచ్చేస్తే? ఉచితం అనగానే ఆ అనుమానం ఇంకా పెరుగుతుంది.

గాజువాక_లక్ష్మి
రావుగారూ, ఇది నాకు అసలు తట్టలేదు. నాకు రేట్లు అవసరం లేదండీ. సప్లయర్ జీఎస్టీ నంబర్, బిల్లు నంబర్, తేదీ, పన్ను మొత్తం ఉంటే సరిపోతుంది. ఐటమ్, కిలో ధర అక్కర్లేదు. కావాలంటే మీ ఆఫీసుకే వచ్చి మీ కంప్యూటర్‌లోనే చేసి వెళ్తాను. పోర్టల్ పాస్‌వర్డ్, ఓటీపీ అడగను, 2బి ఎక్సెల్ మీ ఆడిటర్‌గారు డౌన్‌లోడ్ చేసి ఇస్తారు.

ఫాబ్రికేషన్_రావు
ఈ మాట మెసేజ్‌లో పెట్టు. "మీ ఆఫీసులోనే చేస్తాను, పాస్‌వర్డ్ అడగను." నాకు ఉచితం కంటే ఇది ముఖ్యం.

సీఏఇంటర్_హారిక
ఒక డౌట్. ఇప్పుడు పోర్టల్‌లో బిల్లుల్ని ఒప్పుకోవడానికో కాదనడానికో ఐఎంఎస్ కూడా ఉంది కదా, వచ్చిన బిల్లులన్నీ అక్కడే కనిపిస్తున్నాయి. ఏ పనీ చేయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మరి దీనికి డబ్బు ఎందుకిస్తారు?

గాజువాక_లక్ష్మి
పోర్టల్ వచ్చిన బిల్లుల్నే చూపిస్తుందండీ. షెడ్డులో ఫైల్లో ఉండి పోర్టల్‌లోకి రాని బిల్లు గురించి దానికి తెలియదు కదా. ఫైలు, పోర్టల్ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఉండాలి. పాత ఆఫీసులో ఎక్కువ టైమ్ పట్టేది దీనికే.

డిజిటల్_కిరణ్
పాత ఆఫీసు అంటే గుర్తొచ్చింది. అక్కడి క్లయింట్ల నంబర్లు మీ దగ్గర ఉంటాయి కదా? వాళ్లకే కొడితే పోయె.

గాజువాక_లక్ష్మి
ఉన్నాయి. కొట్టను. ఆ నంబర్లు వాళ్లు ఆ ఆఫీసుకి ఇచ్చినవి.

ఎంవీపీ_ఫొటోలు
నాదో ప్రశ్న. జవాబు రాకపోతే మళ్లీ ఎప్పుడు అడగాలి? నేను మర్నాడే "సార్ చూశారా" అని పెట్టేస్తాను. ఆ తర్వాత ఇంకో రెండు రోజులకి దండం పెట్టే బొమ్మ ఒకటి.

ఫాబ్రికేషన్_రావు
ఆ దండం బొమ్మ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది బాబూ.

వెల్డింగ్‌రాడ్_మూర్తి
"చూశారా" అంటే పనేదో అతని నెత్తిన పెట్టి లెక్క అడిగినట్టు. రెండోసారి రాస్తే కొత్తగా ఏదో ఒకటి ఉండాలి. అతను జవాబు ఇవ్వకపోయినా పనికొచ్చేది అయితే మరీ మంచిది.

లక్ష్మిగారి పనికి క్యాలెండరే దారి చూపిస్తుంది. మొదటి మెసేజ్ 22 నుంచి 28 మధ్య పంపాలి, అప్పటికి రిటర్న్ గొడవ అయిపోయి ఉంటుంది. పదో తేదీ నుంచి ఇరవై వరకు కొత్తవాళ్ల జోలికి వెళ్లకూడదు. శనివారం సాయంత్రం అసలొద్దు, కూలీ డబ్బుల హడావిడి. రోజుకి ఇద్దరు ముగ్గురికి మించి పంపొద్దు, పలికితే వెళ్లి కలవాలి కదా. జవాబు లేకపోతే వారం ఆగి, అదే చాట్‌లో, పాత మెసేజ్ పైన కనిపించేట్టు, దొంగ పేర్లతో తయారుచేసిన ఒక పేజీ నమూనా జాబితా ఫొటో పంపాలి. "ఇలా ఉంటుందండీ" అని ఒక్క మాట చాలు. అప్పటికీ లేకపోతే వచ్చే నెల 14 లేదా 15న ఆఖరిది: "2బి వచ్చింది. ఈ నెల సరిచూడాలంటే చెప్పండి, లేకపోతే ఇక మెసేజ్ చేయను." అన్నమాట ప్రకారం ఆగిపోవాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు.

సీఏఇంటర్_హారిక
కొత్తవాళ్లని పది నుంచి ఇరవై మధ్య కదపొద్దని మీరే అన్నారు, మళ్లీ 15న ఆఖరి మెసేజ్ అంటున్నారే?

వెల్డింగ్‌రాడ్_మూర్తి
కొత్తవాళ్లకి వద్దన్నాను. ఇతను నమూనా చూసి ఉన్నాడు. ఆ నాలుగు రోజుల్లోనే అతనికి నొప్పి తెలుస్తుంది, అప్పుడు ఎదురుగా పేరు కనిపిస్తే పిలుస్తాడు. అందుకే ఒకటే లైను. పెద్దది రాస్తే మాత్రం తిడతాడు.

ఫాబ్రికేషన్_రావు
నేను 15న వచ్చిన మెసేజ్ చదవను, ఎంత చిన్నదైనా. మనిషి మనిషికీ తేడా ఉంటుందనుకో. ఇంకో సంగతి, మేమిచ్చే జవాబులకి అర్థాలు చెబుతాను. "చూద్దాంలే అమ్మా" అంటే వద్దని. దాని తర్వాత అడగొద్దు. "ఇప్పుడు బిజీ" అంటే ఏ తేదీన రమ్మంటారో అడుగు, తేదీ చెబితే నిజంగా బిజీ, చెప్పకపోతే వద్దని. "మా ఆడిటర్‌ని అడుగుతా" అంటే మాత్రం వదలకు. మేం అడగం, మర్చిపోతాం. ఆయనకి ఫార్వర్డ్ చేయడానికి రెండు లైన్లు నువ్వే రాసిపెట్టు, ఆయన పని తగ్గుతుందని అందులో తెలియాలి.

గాజువాక_లక్ష్మి
(దాదాపు నెల తర్వాత)
ఇన్ని సంగతులు చెప్పినందుకు థాంక్స్. బోర్డుల నంబర్లు రాసుకుని, క్వార్టర్లీ వాళ్లని, జాబ్ వర్క్ వాళ్లని తీసేసి కొత్త మెసేజ్ పంపాను. ఈసారి తిట్టినా వద్దన్నా జవాబులైతే వచ్చాయి. ఇద్దరు "ఆడిటర్ ఉన్నారు" అన్నారు, అంటే "రిటర్న్ వేయను" అన్న లైను వాళ్ల కంట పడలేదు. దాన్ని ఇప్పుడు పైకి తెచ్చాను. ఒకాయన నమూనా చూశాక "వచ్చి కనిపించు" అన్నారు.

ఆయన ఆఫీసులోనే కూర్చుని ఒక నెల చూశాను. రెండు బిల్లులు దొరకలేదు. ఒకటి ప్లేట్ల బిల్లు, 2,40,000 మీద 43,200 పన్ను. ఆయన డీలర్‌ని తిట్టడానికి ఫోన్ తీశారు. ఒక్క నిమిషం ఆగమని బిల్లు చూస్తే, దాని మీద ఉన్న జీఎస్టీ నంబర్ వాళ్ల ఆవిడ పేరుతో ఉన్న ఇంకో ఫర్మ్‌ది. డీలర్ ఎక్కించాడు, వేరే ఖాతాలోకి పోయింది. డీలర్ సవరిస్తానన్నాడు. రెండోది గ్యాస్ సిలిండర్ల బిల్లు. ఆ సప్లయర్ క్వార్టర్లీ, మధ్య నెలల్లో బిల్లులు ఎక్కించడు. అది క్వార్టర్ అయ్యాక వస్తుంది, ఎగ్గొట్టడం కాదు. ఆ మాట చెప్పాక ఆయన కుర్చీ జరిపి టీ తెప్పించారు.

వచ్చే నెల నుంచి చేయమన్నారు. రేటు ఎంత అని అడిగితే రెండు రోజుల్లో చెబుతానన్నాను. మీరేమంటారు? నెలకి ఇంత అనాలా, బిల్లుకి ఇంత అనాలా?

వెల్డింగ్‌రాడ్_మూర్తి
నెలకి ఇంత అనండి. బిల్లుకి ఇంత అంటే బిల్లులు దాచి చూపిస్తారు. ఫలానా సంఖ్య వరకు ఈ రేటు, దాటితే మాట్లాడుకుందాం అని రాసి ఇవ్వండి. మొదటి మెసేజ్‌లోనే రేటు పెట్టి ఉంటే ఈ రెండు రోజుల గడువు అక్కర్లేకపోయేది.

ఫాబ్రికేషన్_రావు
మొదటి మెసేజ్‌లో రేటు ఉంటే నేను చదవకుండానే ఎక్కువ అనుకుంటాను. పని చూశాక చెప్పడమే కరెక్ట్. కానీ రెండు రోజులంటే రెండు రోజులే, మూడో రోజు నాకైతే మనసు మారుతుంది.

సీఏఇంటర్_హారిక
నాది వేరే ఆలోచన. యూనిట్ల బదులు ట్యాక్స్ కన్సల్టెంట్లనే క్లయింట్లుగా చూడొచ్చుగా? 14 నుంచి 20 వరకు వాళ్లకి ఊపిరాడదు. ఒక్కరు ఒప్పుకుంటే పది యూనిట్ల పని వస్తుంది.

గాజువాక_లక్ష్మి
ఆలోచించాను హారికగారూ. రేటు సగం కూడా రాదు, యూనిట్ ఓనర్ మొహం నాకు తెలియదు. రెండో వైపు చూస్తే తిరిగే పని తప్పుతుంది. ఇంకా తేల్చుకోలేదు. ద్వారకానగర్ వైపు ఇద్దరు ముగ్గురికి రాసి చూస్తాను, వాళ్లకి మాత్రం 22 దాటాకే.

ఎంవీపీ_ఫొటోలు
మూర్తిగారూ, కల్యాణమండపాల బోర్డు మీద కూడా జీఎస్టీ నంబర్ ఉంటుందా? నాకు రిటర్న్ తేదీలతో పనిలేదు, ఓనర్ పేరు తెలిస్తే చాలు.

వెల్డింగ్‌రాడ్_మూర్తి
రిజిస్టర్ అయి ఉంటే ఉండాలి. సెర్చ్‌లో లీగల్ పేరు కనిపిస్తుంది. ట్రస్టు నడిపేదైతే ట్రస్టు పేరే వస్తుంది, ఓనర్ పేరు రాదు. అలాంటప్పుడు బుకింగ్ రాసుకునే మేనేజర్‌ని కలవండి, ఫొటోగ్రాఫర్ ఎవరని పెళ్లివాళ్లు అడిగేది అతన్నే.

భీమిలి_బాబాయ్
అమ్మా, ఆ అకౌంటెంట్ పోస్టు ఇంకా ఖాళీగానే ఉందట. ఆలోచించుకో.